బాడుగ, సరుకులు, పెట్రోల్ ఒకేసారి పెరిగితే ఇంటి బడ్జెట్‌ను మళ్లీ ఎలా కట్టుకోవాలి

బడ్జెట్ రాసుకున్నాం, అయినా ఇరవయ్యో తేదీకే చేతిలో డబ్బు ఉండటం లేదు, ఏం చేయాలి? ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. చాలా ఇళ్లలో జరుగుతున్నది ఏమిటంటే, ఆరేడు నెలల కిందటి ధరలతో వేసిన బడ్జెట్‌నే ఇంకా పట్టుకుని ఉన్నారు. ప్రతి నెలా అందులో అక్కడో ఐదొందలు, ఇక్కడో వెయ్యి పెంచుతూ పోతున్నారు. అలా అతుకులు వేస్తే ఎంత పెరిగిందో తెలుస్తుంది కానీ ఎందుకు పెరిగిందో, అందులో ఎంత నిలిచిపోతుందో తెలియదు. ఆ రెండూ తెలియకుండా కోత పెడితే కోయకూడని చోట కోస్తాం.

అందుకే కొత్త లెక్కను ధర, వాడకం అని రెండు ముక్కలు చేసి మొదటి నుంచి కట్టాలి. అనంతపురంలో బాడుగకుంటున్న నలుగురి కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుని చివరిదాకా చూద్దాం. భర్తకు షోరూంలో జీతం 29,000. భార్య ఇంట్లో కుట్టుపని చేసి నెలకు 6,000 తెస్తారు. మొత్తం 35,000. ఇక్కడి ధరలన్నీ లెక్క చూపడానికి వేసుకున్నవి. మీ అంగడి ధరలు, మీ బంకు ధర మీరు వేసుకోండి.

వాళ్ల పాత బడ్జెట్ ఇది:

- బాడుగ: 7,000
- సరుకులు, కూరగాయలు, పాలు, గ్యాస్: 9,500
- పెట్రోల్, ఆటో: 2,300
- కరెంటు, ఫోన్లు, నెట్: 1,600
- బడి, ట్యూషన్: 3,500
- చీటీ: 3,000
- బైక్ కిస్తీ: 2,500
- ఊర్లో అమ్మానాన్నలకు: 2,000
- మందులు, చిల్లర ఖర్చులు: 2,000
- ఏడాదికోసారి వచ్చే ఖర్చుల వాటా: 1,200

మొత్తం 34,600. నెలకు 400 మిగిలేది. ఇప్పుడు బాడుగ 8,000 అయింది, సరుకుల ఖర్చు 11,100కు, పెట్రోల్-ఆటో ఖర్చు 2,880కి చేరింది. మొత్తం 37,780. అంటే నెలకు 2,780 లోటు. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి చీటీ ఆపేస్తారు, లేదా బంగారం కుదువ పెడతారు. అసలు లోటు అంత లేదని కింద తేలుతుంది.

## 1. ముందు ఏం సిద్ధం చేసుకోవాలి

ఒక ఆదివారం రెండు గంటలు కేటాయించండి. ఇంట్లో సరుకులు తెచ్చేవాళ్లు, డబ్బు ఇచ్చేవాళ్లు ఇద్దరూ కూర్చోవాలి. ఒక్కరే కూర్చుంటే సగం వివరాలు రావు.

- గత మూడు నెలల అంగడి చీటీలు. ఖాతా పుస్తకం ఉంటే ఇంకా మంచిది
- యూపీఐ యాప్‌లో మూడు నెలల చెల్లింపుల జాబితా
- సిలిండర్ బుక్ చేసిన తేదీలు (ఫోన్ మెసేజ్‌లలో ఉంటాయి)
- బైక్ కిలోమీటర్ల రీడింగ్
- బాడుగ అగ్రిమెంటు, ఇచ్చిన అడ్వాన్సు ఎంతో
- చీటీ ఇంకా ఎన్ని నెలలుందో

మూడు నెలలే ఎందుకంటే, ఒక్క నెల చూస్తే పండుగో పెళ్లో లెక్కను చెడగొడుతుంది. ఆరు నెలలు తీసుకుంటే పాత ధరలు కలిసిపోయి ఇప్పటి పరిస్థితి కనపడదు.

## 2. ప్రతి వస్తువునూ కిలో, లీటరు ధరకు మార్చండి

ప్యాకెట్ ధరను ప్యాకెట్ ధరతో పోల్చడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. బియ్యమే చూడండి. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 25 కిలోల వరకు 5 శాతం జీఎస్టీ వచ్చింది. అప్పటి నుంచి చాలా అంగళ్లలో 26 కిలోల మూటలు పెట్టారు. ఒక నెల 25 కిలోల మూట, ఇంకో నెల 26 కిలోల మూట తెచ్చి, మూట ధరలు పోల్చి పెరిగిందనుకుంటే లెక్క తప్పుతుంది. మూట ధరను కిలోలతో భాగించాలి.

నూనె ప్యాకెట్లు ఇంకా ఎక్కువ మోసపుచ్చుతాయి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కపక్కన ఒకేలా కనిపించే ప్యాకెట్లలో కొన్నింటిలో 800, 850 గ్రాములే ఉంటాయి. పది రూపాయలు తక్కువని అది తెస్తే నిజానికి లీటరు లెక్కన ఎక్కువే పెట్టినట్టు కావచ్చు. బరువు ఎక్కడ రాశారో వెతికి చూడండి. గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా చాలా ప్యాకెట్ల మీద ముద్రించి ఉంటుంది.

ఇప్పుడు ఒక కాగితంపై నాలుగు గడులు గీయండి: వస్తువు, నెలకు వాడకం, పాత ధర, కొత్త ధర. వాడకం గడిలో రెండు పక్కలకూ పాత వాడకమే వేయాలి. ధర వల్ల వచ్చిన పెరుగుదల మాత్రమే విడిగా కనపడాలంటే అదొక్కటే దారి. మన కుటుంబం లెక్క ఇలా వచ్చింది:

- బియ్యం 26 కిలోలు, కిలో 50 నుంచి 58: పెరిగింది 208
- కందిబేడలు 3 కిలోలు, 120 నుంచి 150: పెరిగింది 90
- నూనె 4 లీటర్లు, 130 నుంచి 155: పెరిగింది 100
- పాలు 30 లీటర్లు, 60 నుంచి 64: పెరిగింది 120
- గ్యాస్, ఏడాదికి 9 సిలిండర్లు, ఒక్కోదానికి 60 ఎక్కువ: నెలకు 45
- ఉద్దిబేడలు, గోధుమపిండి, చక్కెర, సబ్బులు వగైరా: పెరిగింది 137

మొత్తం 700. పాలలో లీటరుకు పెరిగింది నాలుగు రూపాయలే అయినా నెలకు 120 అయింది చూడండి. బేడలు కిలోకు ముప్పై రూపాయలు పెరిగాయని ఇంట్లో అందరూ మాట్లాడుకుంటారు, దాని భారం 90 మాత్రమే. ఏది ఎంత ఖరీదయిందన్నది కాదు, మీ ఇంట్లో అది ఎంత వాడతారన్నది లోటును తేలుస్తుంది.

సిలిండర్‌ను ఎప్పుడూ ఏడాది లెక్కలో తీసుకోండి. నలభై రోజులకొకటి అయిపోతుంటే కొన్ని నెలల్లో గ్యాస్ ఖర్చే ఉండదు. ఆ నెల బడ్జెట్ సరిపోయినట్టు అనిపిస్తుంది.

## 3. కూరగాయల ధరను వేరుగా చూడండి

సరుకుల ఖర్చు 1,600 పెరిగిందన్నాం. అందులో 700 పైన తేలింది. మిగతా 900 కూరగాయలు. 1,600 ఉన్న కూరగాయల ఖర్చు 2,500 అయింది.

దీన్ని బడ్జెట్‌లో అలాగే వేసేయకూడదు. రాయలసీమలో ఉండేవాళ్లకు టమోటా ధర సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లోనే కిలో వంద రూపాయలు దాటింది. అదే టమోటాకు ధర పడిపోయి పత్తికొండలో రైతులు రోడ్డు మీద పారబోసిన రోజులూ ఉన్నాయి. ఎర్రగడ్డలదీ ఇదే తంతు. ఇలా ఊగే ధరను పైన ఉన్నప్పుడు చూసి బడ్జెట్ కడితే అవసరం లేని కోతలు పెడతారు. కింద ఉన్నప్పుడు చూసి కడితే మూడు నెలలకే లోటు వస్తుంది.

ఏడాదిని మూడు భాగాలు చేసుకోండి. మన కుటుంబానికి చౌకగా దొరికే 4 నెలల్లో నెలకు 1,400, మామూలుగా ఉండే 5 నెలల్లో 1,800, మండిపోయే 3 నెలల్లో 2,600 అవుతోంది. ఏడాదికి 22,400. పన్నెండుతో భాగిస్తే 1,867, అంటే దాదాపు 1,900. పాత బడ్జెట్‌లోని 1,600 చలికాలంలో, కూరలు చౌకగా ఉన్నప్పుడు వేసిన అంకె అని ఇక్కడే బయటపడింది.

కాబట్టి కూరగాయల కొత్త అంకె 1,900. పెరిగింది 300 మాత్రమే. సరుకుల పద్దు 9,500కు 700, 300 కలిపి 10,500. చౌక నెలల్లో 1,900లో మిగిలింది తీసి పక్కన పెట్టాలి, మండే నెలల్లో దాన్నే వాడాలి. దీనికి ఒక డబ్బానో, పోస్టాఫీసు ఖాతానో విడిగా ఉండాలి. ఇంటి ఖర్చుల ఖాతాలోనే ఉంచితే అది మిగలదు.

ఇప్పుడే మండే నెలల్లో ఉంటే ఆ డబ్బాలో ఏమీ ఉండదు. ఈ రెండు మూడు నెలలకు చేతిలో ఉన్న పొదుపులోంచి తీసుకోండి. తిరిగి వేయాల్సిన మొత్తం రాసిపెట్టుకోండి.

బాడుగ, పాలు, ఆటో చార్జీలు, ట్యూషన్ ఫీజు మాత్రం ఒకసారి పెరిగితే వెనక్కి రావు. పెట్రోల్ పది రూపాయలు తగ్గినా ఆటో చార్జీ తగ్గడం ఎవరూ చూసి ఉండరు. ఇలాంటివాటిని ఎంత పెరిగితే అంతా కొత్త బడ్జెట్‌లో వేసేయాలి.

## 4. పెట్రోల్‌ను కిలోమీటర్లతో లెక్కించండి

చాలా ఇళ్లలో పెట్రోల్‌ను “రెండొందలకు కొట్టు” అని పోయిస్తారు. రూపాయల్లో పోయించినంత కాలం ఎన్ని లీటర్లు వాడుతున్నారో తెలియదు.

మన కుటుంబం దూరాలు చూద్దాం. షోరూంకు రానూపోనూ 18 కిలోమీటర్లు, 26 రోజులు: 468. బడి, అంగడి కలిపి రోజుకు 6, 26 రోజులు: 156. ఆదివారాలు, ఊరి ప్రయాణాలు 100. మొత్తం 724. బండి లీటరుకు 45 ఇస్తే 16 లీటర్లు కావాలి.

పాత ధర 110 అనుకుంటే 1,760. కొత్త ధర 118 అనుకుంటే 1,888. ఆటో ఖర్చు 540 నుంచి 640 అయింది. రెండూ కలిపితే 2,528 కావాలి. అవుతున్నది మాత్రం 2,880. ఆ తేడా 350 దాకా ఉంది, అంటే నెలకు మూడు లీటర్లు ధరతో సంబంధం లేకుండా పోతున్నాయి.

ఎక్కడికి పోతున్నాయో కనుక్కోవాలంటే ట్యాంకు నిండా పోయించి రీడింగ్ రాసుకోండి. మళ్లీ నిండా పోయించినప్పుడు నడిచిన కిలోమీటర్లను ఆ పోయించిన లీటర్లతో భాగించండి. మైలేజీ 38కి పడిపోయి ఉంటే టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, సర్వీసింగ్ చూడాలి. మైలేజీ సరిగానే ఉంటే తిరుగుడు పెరిగినట్టు. ట్యూషన్‌కు రెండుసార్లు దింపి రావడం లాంటిది ఏదో చేరి ఉంటుంది. ఈ మూడు లీటర్లు సరిదిద్దుకోవాల్సినవి కాబట్టి కొత్త బడ్జెట్‌లో 2,530 మాత్రమే వేయాలి.

కర్ణాటక సరిహద్దులో ఉన్నవాళ్లు బళ్లారి వైపు వెళ్లినప్పుడు పోయించుకోవడం మామూలే. పనిమీద వెళ్లినప్పుడైతే మంచిదే. దానికోసమే వెళ్లేట్టయితే లీటరు తేడాను మీ ట్యాంకు పట్టే లీటర్లతో గుణించి, రానూపోనూ కాలే పెట్రోల్‌తో పోల్చి చూడండి. బైక్‌కైతే గిట్టుబాటు కాదు.

## 5. కొత్త లెక్క, అసలు లోటు

- బాడుగ 8,000 (1,000 ఎక్కువ)
- సరుకులు 10,500 (1,000 ఎక్కువ)
- పెట్రోల్, ఆటో 2,530 (230 ఎక్కువ)
- మిగతావి మారలేదు

మొత్తం 36,830. ఆదాయం 35,000. లోటు 1,830. మొదట కనపడిన 2,780కీ దీనికీ మధ్య ఉన్న 950లో కొంత కూరగాయల సీజన్, కొంత బండి తాగేస్తున్న పెట్రోల్. వాటికోసం చీటీ ఆపాల్సిన పని లేదు.

ఏడాది ఖర్చుల వాటా ఇంకా వేసుకోనివాళ్లు ఇప్పుడే వేసుకోండి. ఎండాకాలంలో తెచ్చే ఎండు మిరపకాయలు, చింతపండు, జూన్‌లో పుస్తకాలు, బండి ఇన్సూరెన్స్, సంక్రాంతి బట్టలు అన్నీ కలిపి పన్నెండుతో భాగిస్తే సరి. ఈ పద్దు లేని బడ్జెట్ జూన్ నెలలో కచ్చితంగా కూలిపోతుంది.

## 6. బాడుగ విషయం ముందు తేల్చుకోండి

లోటు పూడ్చేటప్పుడు అందరూ సరుకులతో మొదలుపెడతారు. నేనైతే బాడుగతో మొదలుపెట్టమంటాను. ఒక్క మాటతో నాలుగైదు వందలు తేడా వచ్చే చోటు అదొక్కటే.

ముందు అగ్రిమెంటు చూడండి. పదకొండు నెలల అగ్రిమెంటు మధ్యలో ఉంటే, అందులో రాసిన బాడుగే ఆ గడువు దాకా ఇస్తామని మర్యాదగా చెప్పవచ్చు. గడువు అయిపోయి ఉంటే అదే వీధిలో అలాంటి ఇళ్లకు ఎంత ఉందో నాలుగు చోట్ల కనుక్కుని వెళ్లండి. తగ్గించమని అడగడం కంటే విడతలుగా పెంచమనడం తేలిగ్గా కుదురుతుంది.

“సార్, ఏడొందల సరుకు వెయ్యయింది. ఇప్పుడు ఐదొందలు పెంచుతాం, ఆర్నెల్ల తర్వాత మిగతా ఐదొందలు. రెండేళ్లు ఖాళీ చేయం, ఒకటో తేదీకే వేస్తాం” అని చెప్పి చూడండి. ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటే ఓనరుకు పదహారు వేలు పోతాయి. ఆయనకూ ఆ లెక్క తెలుసు. కుదిరిన మాట వాట్సాప్‌లో మెసేజ్‌గానైనా పెట్టుకోండి.

కుదరకపోతే ఇల్లు మారదామని తొందరపడకండి. మన కుటుంబానికి ఊరి బయట 6,500కు ఇల్లు దొరికిందనుకుందాం. నెలకు 1,500 ఆదా. అక్కడి నుంచి షోరూంకు రోజుకు పది కిలోమీటర్లు ఎక్కువైతే నెలకు 260 కిలోమీటర్లు, దాదాపు 680 రూపాయల పెట్రోల్. పిల్లల ఆటోకు ఇంకో 600. నికరంగా మిగిలేది 220. సామాను బండి, కూలీ, పాత అడ్వాన్సులో పెయింటింగ్‌కు పట్టుకునేది కలిపి 6,000 అయితే, అది తిరిగి రావడానికి రెండేళ్లకు పైగా పడుతుంది. కొత్త ఓనరు అంతకుముందే బాడుగ పెంచుతాడు. ఆదా నెలకు వెయ్యి నికరంగా మిగిలేట్టయితేనే మారండి.

## 7. మిగతా లోటు పూడ్చే వరుస

మన కుటుంబానికి బాడుగలో ఆరు నెలలపాటు 500 తగ్గింది. మిగిలిన 1,330 ఇలా వచ్చింది.

ముందు ఆదాయం చూడాలి. అన్నిటి ధరలూ పెరిగినా జాకెట్టు కుట్టుకూలి మాత్రం పాతదే ఉంది. ఇరవై రూపాయలు పెంచితే, నెలకు నలభై జాకెట్లకు 800. దారం, కరెంటు ధరలు పెరిగాక పాత రేటుకే కుట్టడమంటే నష్టానికి కుట్టడమే. ఇంట్లో ట్యూషన్ చెప్పేవాళ్లకు, టిఫిన్లు కట్టిచ్చేవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది.

తర్వాత, తినే తిండి తగ్గకుండా మారే ఖర్చులు. ఫోన్ రీచార్జులు, నెట్ రెండూ ఉంటే ఫోన్లలో ఒకదానికి చిన్న ప్లాన్: 250. వారానికి రెండుసార్లు రైతు బజారు నుంచి కూరలు తెస్తే 200. కిలో 52కు దొరికే ఇంకో రకం సోనామసూరికి మారితే దాదాపు 150. నూనె నెలకు అర లీటరు తగ్గిస్తే దాదాపు 80.

మొత్తం 1,480. లోటు పోయి 150 మిగిలింది. బాడుగ ఆరు నెలల తర్వాత మళ్లీ 500 పెరుగుతుంది. ఈ కుటుంబానికి చీటీ ఐదు నెలల్లో అయిపోతుంది కాబట్టి తర్వాతిది 2,500ది వేస్తే అదీ సరిపోతుంది. మీ చీటీ, కిస్తీలు ఎప్పుడు ముగుస్తాయో ఇందుకే ముందు రాసుకోమన్నది.

వీటిని మాత్రం ముట్టుకోకండి:

- బీపీ, షుగర్ మాత్రలు. జనరిక్ మందులకు మారవచ్చా అని డాక్టరును అడగండి, ఆపడం వద్దు
- పిల్లల పాలు, గుడ్లు, ఇంట్లో బేడలు
- పాడుకున్న చీటీ కంతులు. ఆపితే జామీను ఉన్నవాళ్ల మీద పడుతుంది
- అమ్మానాన్నలకు పంపేది. వాళ్ల ఊర్లోనూ ధరలు పెరిగాయి

ప్రతి నెలా వచ్చే లోటును బంగారం కుదువ పెట్టి పూడ్చితే వడ్డీ కొత్త పద్దుగా చేరుతుంది. ఆస్పత్రి లాంటి ఒక్కసారి అవసరానికే దాన్ని వాడండి.

## 8. ఎక్కడ తప్పుతుంది, ఎలా తెలుస్తుంది

మొదటి నెల పదిహేనో తేదీన ఒకసారి చూడండి. సరుకుల్లో నెలవారీ మూట, నూనె ముందే తెచ్చేస్తాం కాబట్టి అప్పటికి పద్దులో అరవై శాతం దాకా అయిపోవడం మామూలే. డెబ్బై దాటితే వాడకం గడిలో ఏదో వస్తువు మరిచారు. ఎక్కువగా మరిచేవి బడి నుంచి వచ్చాక పిల్లలు తినేవి, ఆదివారం చికెన్, ఇంటికి వచ్చే చుట్టాలు. వాటికి అంకె వేసి లెక్క సరిచేయండి.

పెట్రోల్ పద్దు రెండో నెల కూడా దాటితే ట్యాంకు లెక్క మళ్లీ చూడాలి.

## 9. మళ్లీ ఎప్పుడు కట్టాలి

ప్రతి నెలా ఇదంతా చేయనక్కర్లేదు. ఆరు వస్తువులు చాలు: బియ్యం, నూనె, కందిబేడలు, పాలు, సిలిండర్, పెట్రోల్. నెల మొదట్లో వాటి ధరలు క్యాలెండర్ వెనక రాసి, మీ వాడకంతో గుణించి కూడండి. ఆ మొత్తం బడ్జెట్ కట్టిన నాటికన్నా 400 దాటి, వరుసగా రెండు నెలలు అలాగే ఉంటే మళ్లీ కూర్చోండి. బాడుగ, బడి ఫీజు, జీతం మారిన నెలలో ఎలాగూ కూర్చోవాలి.

ధరలు తగ్గినప్పుడు కూడా రెండు నెలలు ఆగండి. ఆ రెండు నెలల్లో మిగిలింది ముందుగా కూరగాయల డబ్బాలోకి, పొదుపులోంచి తీసుకున్నది తీర్చడానికి వెళ్లాలి. ఆ తర్వాతే పద్దు అంకె తగ్గించండి.